ఉద్యోగం వదిలే రోజున ఆ ఆప్షన్లు ఏమవుతాయి?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం దగ్గర పల్లె. బ్యాక్‌ఎండ్ డెవలపర్‌గా ఐదేళ్ల అనుభవం ఉంది. రెండు ఆఫర్లు వచ్చాయి, రెండూ బెంగళూరులోనే. ఒకటి పాత పెద్ద కంపెనీ, ఏడాదికి 24 లక్షలు, అంతా జీతమే. రెండోది అరవై మంది ఉన్న స్టార్టప్. 18 లక్షల జీతం, దానికి తోడు నాలుగేళ్లలో 8,000 స్టాక్ ఆప్షన్లు. షేరు 500 రూపాయలు, అంటే 40 లక్షలు ఇస్తున్నట్టే అని హెచ్‌ఆర్ మేడమ్ చెప్పారు. నాన్నకు అప్పు ఉంది, రెండేళ్లలో చెల్లి పెళ్లి చేయాలి. కానీ స్టార్టప్‌లో పని నాకు బాగా నచ్చింది. ఏది తీసుకోమంటారు?

జవాబు:

మా ఇంట్లో బీరువా లాకర్‌లో, మా ఆవిడ నగల పెట్టె కింద ఒక షేర్ సర్టిఫికెట్ ఉంది తమ్ముడూ. 4,000 షేర్లు. 2017లో బెంగళూరులో ఒక స్టార్టప్ వదిలేసి వస్తూ తీసుకున్నవి. అప్పట్లో ఇలాంటివి కాగితం మీదే ఇచ్చేవాళ్లు. షేరుకు పది రూపాయల చొప్పున కంపెనీకి నలభై వేలు కట్టాను. ఆ నలభై వేలతో పోయుంటే నేనిప్పుడు ఇంత పొడుగ్గా రాసేవాణ్ని కాదు. ఆ షేర్ల మీద ఆదాయపు పన్ను మూడు లక్షల తొమ్మిది వేలు కట్టాను. అదీ ఆ పెట్టెలోని నగలే కుదువ పెట్టి. 2020లో కంపెనీ మూతపడింది. నగలైతే విడిపించుకున్నాం. కాగితం అక్కడే ఉంది.

ఒక్క షేరు కూడా అమ్మకుండా, ఒక్క రూపాయి చేతికి రాకుండా, మూడు లక్షల పన్ను ఎందుకు కట్టాల్సి వచ్చిందో అర్థమైతే నీ రెండు ఆఫర్ల సంగతి సగం తేలిపోతుంది. "స్టార్టప్ నిలుస్తుందా, పోతుందా" అని అందరూ అడుగుతారు. అది నీకూ తెలీదు, నాకూ తెలీదు, పెట్టుబడి పెట్టినవాళ్లకూ తెలీదు. తెలుసుకోగలిగిన ప్రశ్న ఇంకోటుంది. కంపెనీ బాగానే నడుస్తూ ఉండగా నువ్వు మధ్యలో బయటికొస్తే ఆ ఆప్షన్లు ఏమవుతాయి? దీనికి జవాబు ఇప్పటికే కాగితం మీద రాసి ఉంటుంది. ఎవరూ చదవరంతే. నేనూ చదవలేదు.

ముందు ఒక మాట సరిచేసుకో. నీకు ఇస్తామంటున్నవి షేర్లు కావు. ఫలానా ధరకు షేర్లు కొనుక్కునే హక్కు మాత్రమే. ఆ హక్కు చేతికి రావడానికే ఏళ్లు పడుతుంది. మన వైపు చీనీ మొక్క నాటితే నాలుగైదేళ్లకు గానీ కాపు చేతికి రాదు కదా, ఇదీ అంతే. మామూలుగా మొదటి ఏడాది ఏమీ రాదు. ఏడాది నిండిన రోజున నాలుగో వంతు, అంటే నీ లెక్కలో 2,000 ఒకేసారి నీవవుతాయి. మిగిలినవి నెలనెలా గానీ మూణ్నెల్లకోసారి గానీ జమవుతూ పోతాయి. దీన్నే వెస్టింగ్ అంటారు. పదకొండో నెలలో మానేస్తే చేతికి సున్నా.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఏడాది లెక్క మొదలయ్యేది నువ్వు చేరిన రోజు నుంచి కాకపోవచ్చు. ఆఫర్ లెటర్‌లో "బోర్డు ఆమోదానికి లోబడి" అని ఒక మాట ఉంటుంది, చూడు. బోర్డు ఆమోదించి గ్రాంట్ లెటర్ ఇస్తేనే ఆప్షన్లు ఇచ్చినట్టు. కంపెనీల చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం గ్రాంట్‌కూ వెస్టింగ్‌కూ మధ్య కనీసం ఒక ఏడాది ఉండాలి. నా పక్క సీట్లో కూర్చునే హిందూపురం కుర్రాడికి చేరిన ఎనిమిది నెలలకు గానీ గ్రాంట్ లెటర్ రాలేదు. ఏడాది కాగానే మొదటి కాపు వస్తుందనుకున్నవాడు ఇరవై నెలలు ఆగాల్సి వచ్చింది. చేరిన నెలలోపే గ్రాంట్ లెటర్ ఇస్తారా అని ఇప్పుడే అడిగితే సరిపోతుంది. చేరాక అడిగితే "వచ్చే బోర్డు మీటింగ్‌లో" అంటారు.

వెస్ట్ అయ్యాక కూడా అవి షేర్లు కావు. డబ్బు కట్టి వాటిని షేర్లుగా మార్చుకోవాలి. దీన్ని ఎక్సర్‌సైజ్ అంటారు. పన్ను పడేది ఇక్కడే. నువ్వు కట్టే ధరకూ, ఆ రోజు షేరు విలువకూ మధ్య ఉన్న తేడాను ప్రభుత్వం నీ జీతంలో భాగంగా చూస్తుంది. నువ్వు షేరు అమ్మావా లేదా అన్నది అడగదు. స్టాక్ మార్కెట్‌లో లేని కంపెనీ కాబట్టి ఆ విలువను సెబీ దగ్గర నమోదైన మర్చంట్ బ్యాంకర్ లెక్కగట్టి ఇస్తాడు. 2017లో నా షేరుకు అతను వేసిన విలువ 260. నేను కట్టింది 10. తేడా 250, నాలుగు వేల షేర్లకు పది లక్షలు. ఆ ఏడాది నా చేతికి రాని పది లక్షల జీతం నాకు వచ్చినట్టు లెక్క. దాని మీద 30 శాతం, పైన అప్పటి 3 శాతం సెస్సు. మూడు లక్షల తొమ్మిది వేలు.

మరి తర్వాత కంపెనీ పోయింది కదా, ఆ పన్ను వెనక్కి ఇవ్వరా అని మా ఆవిడ అడిగింది. ఇవ్వరు. అప్పుడు వచ్చిన నష్టం మూలధన నష్టం. ఇంకేదైనా షేర్లో స్థలమో అమ్మి లాభం వస్తే అందులోంచి తీసేసుకోవచ్చు. జీతంలోంచి తీసేయడం కుదరదు. ముందు లాభం జీతమట, తర్వాత నష్టం మాత్రం జీతం కాదట. చట్టం అలా ఉంది.

ఇప్పుడు నీ అంకెలే తీసుకుందాం. నువ్వు స్టార్టప్‌లో చేరావు, మూడేళ్లు బాగా పనిచేశావు, జీతం 20 లక్షలయింది. కంపెనీ కూడా బాగానే ఉంది. మధ్యలో ఇంకో విడత పెట్టుబడి వచ్చింది, కొత్త ఇన్వెస్టర్ షేరుకు వెయ్యి రూపాయలు పెట్టాడు. ఆఫీసులో కేకు కోశారు. ఆ తర్వాత కొన్ని నెలలకు నాన్నకు ఒంట్లో బాగాలేక నువ్వు ఊరికి రావాల్సి వచ్చింది. వాళ్లు ఇంటి నుంచి పని ఒప్పుకోలేదు, నువ్వు మానేశావు. వెస్ట్ అయినవి 6,000. ఎక్సర్‌సైజ్ ధర 10 రూపాయలే అనుకుందాం. మర్చంట్ బ్యాంకర్ విలువ 800 అనుకుందాం. మామూలు షేర్లకు ఇన్వెస్టర్ షేర్లకున్న రక్షణలు ఉండవు కాబట్టి అది వెయ్యి కంటే తక్కువే ఉంటుంది.

షేర్లు కొనడానికి అయ్యేది 60 వేలు. తేడా షేరుకు 790 చొప్పున 47 లక్షల 40 వేలు, ఇది నీ 20 లక్షల జీతానికి కలుస్తుంది. 2025-26 కొత్త విధానం రేట్లతో వేసి చూశాను. మొత్తం ఆదాయం 50 లక్షలు దాటడంతో 10 శాతం సర్‌ఛార్జి కూడా వచ్చి పడుతుంది. జీతం మీద ఎలాగూ కట్టే పన్ను పోను, ఈ షేర్ల వల్ల కొత్తగా పడేది 16 లక్షల 15 వేలు. అంటే 6,000 షేర్లు నీ పేరు మీదికి రావాలంటే దాదాపు 16 లక్షల 75 వేలు తేవాలి. ఆ పన్ను కంపెనీయే టీడీఎస్‌గా కట్టాలి. నీ ఆఖరి నెల జీతం దానికి ఏ మూలకూ చాలదు. అందుకని "ముందు ఆ డబ్బు మాకు జమ చెయ్, తర్వాత షేర్లు కేటాయిస్తాం" అంటారు. షేర్లు వచ్చాక అమ్ముకుందామంటే కొనేవాడుండడు. బోర్డు ఒప్పుకోనిదే బయటివాళ్లకు అమ్మడం కూడా చాలా ప్రైవేట్ కంపెనీల్లో కుదరదు.

దీనికంతా గడువెంతో తెలుసా? చాలా స్కీముల్లో 90 రోజులు. కొన్నిట్లో 30 రోజులే. ఆ లోపు డబ్బు కట్టి ఎక్సర్‌సైజ్ చేసుకోకపోతే, వెస్ట్ అయిన ఆరువేలూ మళ్లీ కంపెనీ పూల్‌లోకి పోతాయి. మూడేళ్లు తక్కువ జీతానికి చేసిన కష్టం తొంభై ఒకటో రోజున పోయినట్టే. నాన్న ఆసుపత్రిలో ఉండగా పదహారు లక్షలు తెచ్చి, ఎప్పటికి డబ్బవుతాయో తెలీని షేర్ల మీద పెడతావా? పెట్టవు. నాతో పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది వదిలేసుకునే వచ్చారు. నేను పెట్టాను, పోగొట్టుకున్నాను. కంపెనీ మూతపడకపోయినా, ఇంకా పైకి వెళ్తున్నా, ఉద్యోగి మాత్రం ఖాళీ చేతులతో బయటికి రావడం ఇలా జరుగుతుంది. పైగా కంపెనీ విలువ ఎంత పెరిగితే పన్ను అంత పెరుగుతుంది, కాబట్టి బాగా నడిచే కంపెనీలోనే ఈ చిక్కు పెద్దది.

"స్టార్టప్ ఉద్యోగులకు ఈ పన్ను వాయిదా వేశారు కదా" అని ఎవరైనా అంటారు. నిజమే, 2020 బడ్జెట్‌లో ఆ వెసులుబాటు ఇచ్చారు. ఎక్సర్‌సైజ్ చేసినప్పుడు కాకుండా తర్వాత కట్టవచ్చు. ఆ తర్వాత ఎప్పుడంటే షేర్లు అమ్మినప్పుడు, లేదా ఉద్యోగం మానేసినప్పుడు, లేదా ఐదేళ్లు దాటాక వచ్చే ఒక గడువుకు. వీటిలో ఏది ముందైతే అది, అక్కణ్నుంచి 14 రోజుల్లో. చూశావా, మానేసిన రోజున వాయిదా కూడా ముగిసిపోతుంది. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే పనికిరాదు. ఇంకో సంగతి, స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ గుర్తింపు ఉన్న ప్రతి కంపెనీకీ ఇది వర్తించదు. దాని పైన ఇంటర్ మినిస్టీరియల్ బోర్డు ఇచ్చే ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాలి. అది ఉన్నవి గుర్తింపు పొందిన వాటిలో కొద్ది మాత్రమే. హెచ్‌ఆర్ "మాది గుర్తింపు పొందిన స్టార్టప్" అంటే ఆ రెండో సర్టిఫికెట్ ఉందా అని అడుగు.

అందుకే నేనైతే ఆప్షన్ల సంఖ్య పెంచమని అడగను. 8,000ని 12,000 చేయించుకుని మురిసిపోయేవాళ్లను చూశాను. గడువు తొంభై రోజులే అయితే పన్నెండు వేలకు పన్ను ఇంకా ఎక్కువ, అంతే తేడా. నువ్వు అడగాల్సింది గడువు. మానేశాక కూడా వెస్ట్ అయిన ఆప్షన్లను కంపెనీ అమ్ముడుపోయేదాకా, లేదా స్టాక్ మార్కెట్‌లోకి వచ్చేదాకా, లేదా కనీసం ఐదారేళ్లు అట్టిపెట్టుకునే హక్కు ఉందా అని. ఈమధ్య కొన్ని కంపెనీలు అలా ఇస్తున్నాయి. చట్టం ఇక్కడ అడ్డుపడదు. మానేశాక ఎంతకాలంలో ఎక్సర్‌సైజ్ చేసుకోవాలో కంపెనీ తన స్కీములోనే రాసుకోవచ్చు. అలాంటి గడువు ఉంటే ఆ ఆప్షన్ ఏం ఖర్చు లేకుండా నీ దగ్గర పడి ఉంటుంది. అమ్ముకునే రోజు వచ్చినప్పుడే ఎక్సర్‌సైజ్ చేసి, ఆ వచ్చిన డబ్బులోంచే పన్ను కడతావు. పన్ను తగ్గదు, కానీ నగలు కుదువ పెట్టే అవసరం రాదు.

దీనికి ఆఫర్ లెటర్ చాలదు. స్కీము పూర్తి పాఠం పీడీఎఫ్ అడుగు. "చేరాక ఇస్తాం" అంటే అది కూడా ఒక జవాబే అనుకో. పీడీఎఫ్ వస్తే రెండు చోట్ల మాత్రం నిదానంగా చదువు. ఒకటి, రాజీనామా చేస్తే ఏమవుతుందో రాసిన పేరా. రెండోది, "కాజ్" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం. తప్పు చేసి తీసేసినవాళ్లకు వెస్ట్ అయినవి కూడా రద్దు చేస్తారు, అది మామూలే. కానీ కొన్ని స్కీముల్లో పోటీ కంపెనీలో చేరడం కూడా ఆ తప్పుల జాబితాలో ఉంటుంది. డెవలపర్ మానేసి ఎక్కడికి పోతాడు మరి, ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీకే కదా.

ఇక ఆ 40 లక్షల సంగతి. 500 అన్నది ఇన్వెస్టర్ పెట్టిన ధర. దాన్ని 8,000తో గుణించి హెచ్‌ఆర్ నీకు చెప్పారు. ఆ గుణకారంలో నువ్వు కట్టాల్సిన ఎక్సర్‌సైజ్ ధర తీసేశారా అని అడిగావా? ధర 10 అయితే పర్వాలేదు. అది కూడా 500 అయితే నీకు ఇప్పటికి ఇచ్చింది ఏమీ లేదు. కంపెనీ ఇకముందు పెరిగినంత మేరకే నీది. ఇది ఆఫర్ లెటర్‌లో చాలాసార్లు ఉండదు, "స్కీము ప్రకారం" అని వదిలేస్తారు.

మొత్తం షేర్లెన్ని అని కూడా అడుగు. ఇవ్వబోయే ఆప్షన్లు, ఇన్వెస్టర్ల షేర్లు అన్నీ మామూలు షేర్లుగా మారితే మొత్తం ఎన్నవుతాయో ఆ అంకె. అది 40 లక్షలనుకో, అప్పుడు కంపెనీ విలువ 200 కోట్లు, నీ వాటా 0.2 శాతం. వచ్చే విడతలో కొత్త ఇన్వెస్టర్‌కు 20 శాతం ఇస్తే నీ 0.2 కాస్తా 0.16 అవుతుంది. అందులో మోసమేమీ లేదు, అందరి వాటా అలాగే తగ్గుతుంది. చిక్కంతా అమ్మేటప్పుడు వస్తుంది.

చీనీ తోట మీద ముందే అడ్వాన్స్ ఇచ్చిన వ్యాపారి సంగతి నీకు తెలుసు. కోత రోజున ముందు తన లెక్క చూసుకుంటాడు, టన్నుకు ఇంత అని సూటు పేరుతో తరుగు తీస్తాడు, మిగిలింది రైతుకు. ఇన్వెస్టర్ల దగ్గర ఉండేవి ప్రిఫరెన్స్ షేర్లు. కంపెనీ అమ్మితే వాళ్లు పెట్టిన డబ్బు వాళ్లకు ముందు తిరిగొచ్చేలా ఒప్పందం ఉంటుంది. ఉదాహరణకు మూడు విడతల్లో 10 కోట్లు, 40 కోట్లు, 100 కోట్లు, మొత్తం 150 కోట్లు వచ్చాయి. ఒక దశలో కంపెనీ విలువ 500 కోట్లు పలికింది. తర్వాత వ్యాపారం మందగించి 180 కోట్లకు అమ్మేశారు. పేపర్లో 180 కోట్లని చదివి నీ 0.16 శాతానికి 28 లక్షల 80 వేలు వస్తాయని వేసుకుంటావు. కానీ ముందు 150 కోట్లు ఇన్వెస్టర్లకు పోతాయి. మిగిలిన 30 కోట్లు వ్యవస్థాపకులకూ ఉద్యోగులకూ. కంపెనీలో సగం వాళ్లదే అనుకుంటే ఆ 30 కోట్లలో నీ వాటా 0.32 శాతం. 9 లక్షల 60 వేలు. దాని మీద జీతం లెక్కన పన్ను పోతే చేతికొచ్చేది ఆరున్నర లక్షల దగ్గర. ఇది కంపెనీ పోయిన సంగతి కాదు, అమ్ముడైన సంగతి. అమ్మేదాకా నాలుగేళ్లూ నువ్వు అక్కడే ఉన్న సంగతి కూడా.

ఇన్వెస్టర్లు ఎంత పెట్టారో హెచ్‌ఆర్ చెప్పకపోయినా నువ్వు చూసుకోవచ్చు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్ mca.gov.in లో ఒక్కో కంపెనీకి వంద రూపాయల ఫీజు కడితే దాఖలు చేసిన పత్రాలు తెరుచుకుంటాయి. షేర్లు కేటాయించిన ప్రతిసారీ పెట్టే ఫారం PAS-3. అందులో ఎన్ని షేర్లు, ఏ ధరకు ఇచ్చారో ఉంటుంది. 500 రూపాయల మాట నిజమో కాదో అక్కడే తేలుతుంది. AOC-4లో లాభనష్టాల లెక్కలుంటాయి. ఏడాది పాతవే అయినా నెలకు ఎంత ఖర్చవుతోందో అంచనాకు వస్తుంది. నేను ఈమధ్య ఒక కుర్రాడి కోసం చూస్తే చివరి కేటాయింపు ధర హెచ్‌ఆర్ చెప్పిన దాంట్లో సగం కూడా లేదు. ఆవిడ అబద్ధం చెప్పిందనుకోను. వచ్చే విడతలో వస్తుందని ఆశపడుతున్న ధర ఆమెకు ఎవరో చెప్పి ఉంటారు.

అలాగని ఆప్షన్లన్నీ గాలి మాటలని నేననను. 2021 సెప్టెంబర్‌లో ఫ్రెష్‌వర్క్స్ నాస్‌డాక్‌లో నమోదైనప్పుడు ఐదు వందల మందికి పైగా ఉద్యోగులు కోటీశ్వరులయ్యారని దాని వ్యవస్థాపకుడు గిరీశ్ మాతృభూతం చెప్పాడు. నేను ఇందాక చెప్పిన హిందూపురం కుర్రాడు కూడా తర్వాత ఇంకో కంపెనీకి మారి, అది స్టాక్ మార్కెట్‌లోకి వచ్చాక అప్పులన్నీ తీర్చి తోట కొన్నాడు. అతను అదృష్టమంటాడు. నేనేమంటానంటే, అతను ఆ రెండో కంపెనీలో ఆరేళ్లు కదలకుండా ఉండగలిగాడు. ఇంటి దగ్గర అన్న ఉన్నాడు, తల్లిదండ్రుల్ని చూసుకున్నాడు. ఉండగలిగినవాడి ఆప్షన్ వేరు, ఎప్పుడు ఊరికి రావాల్సి వస్తుందో తెలీనివాడి ఆప్షన్ వేరు.

నీ ఇంటి లెక్కకొద్దాం. 24 లక్షలకూ 18 లక్షలకూ మధ్య తేడా ఆరు లక్షలు. పన్ను పోను చేతికొచ్చే తేడా ఏడాదికి 4 లక్షల 58 వేలు, నెలకు 38 వేలు. పీఎఫ్ పట్టుకోలేదు, అది రెండు చోట్లా ఉంటుంది. నాలుగేళ్లకు 18 లక్షల 30 వేలు. జీతం పెరుగుదలలు ఏ కంపెనీలో ఎంతన్నది పక్కన పెడదాం. ఆ 8,000 ఆప్షన్లను నువ్వు కొంటున్న ధర ఇదే. ఉచితంగా ఇస్తున్నారని అనుకోవద్దు, నెలకు 38 వేల చీటీ కడుతున్నావు. చీటీకైతే పాట ఎప్పుడో ఒకప్పుడు నీ పేరు మీద వస్తుంది.

నాన్న అప్పు బ్యాంకు పంట రుణమా, లేక ఊళ్లో రెండ్రూపాయల వడ్డీదా, నువ్వు రాయలేదు. నా సలహా సగం దాని మీదే ఉంది. మూడు లక్షల లోపు పంట రుణం, సమయానికి కడుతుంటే, వడ్డీ ఏడాదికి 4 శాతం దగ్గర పడుతుంది. దాని కోసం కంగారుపడి ఆఫర్ మార్చుకోనక్కర్లేదు. నూటికి రెండ్రూపాయలంటే మాత్రం ఏడాదికి 24 శాతం. ఐదు లక్షల అప్పుకు వడ్డీ ఒక్కటే లక్షా ఇరవై వేలు. ఆ అప్పు ఇంట్లో ఉండగా నెలకు 38 వేలు వదులుకోవడమంటే, 24 శాతం వడ్డీకి తెచ్చి స్టార్టప్‌లో పెట్టుబడి పెట్టడమే. ఆ పెద్ద కంపెనీ జీతంతో అదే అప్పు ఏడాదిన్నరలోపు తీరిపోతుంది, తర్వాత పెళ్లికి కూడబెట్టుకోవడానికి మిగతా నెలలుంటాయి.

కాబట్టి ఇప్పుడున్న షరతులతో అయితే 24 లక్షలదే తీసుకో. పెద్ద కంపెనీలో కూడా ఉద్యోగాలు తీసేస్తున్నారు, నాకు తెలుసు. అది శాశ్వతమని కాదు, నెలనెలా వచ్చేది అమ్ముకోనవసరం లేని డబ్బని. వాళ్లనూ ఒకటి అడుగు. మార్కెట్‌లో ఉన్న కంపెనీ అయితే కొంత స్టాక్ రూపంలో ఇస్తారా అని. అక్కడ కూడా షేర్లు చేతికొచ్చినప్పుడు పన్ను పడుతుంది, కాకపోతే అదే రోజు కొన్ని అమ్మేసి ఆ పన్ను కట్టేయొచ్చు. నా బీరువాలో కాగితానికీ దానికీ ఉన్న తేడా అదొక్కటే.

స్టార్టప్ పని నీకు నచ్చిందన్నావు. దాన్ని నేను చిన్న విషయమనుకోవడం లేదు. ఐదేళ్ల అనుభవంలో అరవై మంది ఉన్న చోట నువ్వు నేర్చుకునేది పెద్ద కంపెనీలో పదేళ్లకు రాకపోవచ్చు. అందుకే తలుపు మూసేయకుండా ఒక్క మెయిల్ రాయి. రెండే అడుగు. మానేశాక ఎక్సర్‌సైజ్ గడువు కంపెనీ అమ్ముడయ్యేదాకా లేదా కనీసం ఐదేళ్లు ఉండాలని, ఆ మాట గ్రాంట్ లెటర్‌లో రాసి ఇవ్వాలని ఒకటి. జీతం 21 లక్షలు చేయమని రెండోది. ఆప్షన్లు కావాలంటే తగ్గించుకోమను, 5,000 ఇచ్చినా చాలు. 21 అయితే నీకు పడే తేడా ఏడాదికి 2 లక్షల 22 వేలే, నెలకు పద్దెనిమిదిన్నర వేలు. గడువు కూడా ఇస్తే నేను నీ స్థానంలో ఉన్నా స్టార్టప్‌కే వెళ్తాను, బయటి అప్పు లేకపోతే.

గడువు గురించి అడిగితే హెచ్‌ఆర్ మేడమ్‌కు బహుశా తెలీదు. "స్కీము అందరికీ ఒకటే" అంటారు. స్కీములో బోర్డుకు గడువు పొడిగించే అధికారం ఉందా అని అడుగు, చాలా స్కీముల్లో ఆ వాక్యం ఉంటుంది. వ్యవస్థాపకుడితో ఓ పది నిమిషాలు మాట్లాడించమను. అరవై మంది ఉన్న కంపెనీలో అది పెద్ద కోరికేం కాదు. ఆయన ఈ ప్రశ్న విని విసుక్కుంటే నువ్వు అక్కడ మూడేళ్లకు మానేసే రోజు ఎలా ఉంటుందో ఇప్పుడే చూసినట్టు. ఆలోచించి "ఇది ఎవరూ అడగలేదే" అంటే ఇంకో మాట కలుపు. ఉద్యోగంలో ఉండగా ఉద్యోగి చనిపోతే అప్పటిదాకా ఇచ్చిన ఆప్షన్లన్నీ, వెస్ట్ కానివి కూడా, వారసులకో నామినీకో వెస్ట్ అవుతాయని నిబంధనల్లోనే ఉంది. నామినీ ఫారం ఇస్తారా అని అడుగు. మా కంపెనీలో మూడేళ్లు ఎవరికీ ఆ ఫారం ఇవ్వలేదు. నేను అడిగిన తర్వాత ప్రింట్ తీసి ఇచ్చారు, అందులో కంపెనీ పాత పేరుంది.